ఫ్లెక్సీలో ‘జూనియర్’ కత్తిరిస్తే ఏమవుతుంది? పోలిక వేరు, సాక్ష్యం వేరు

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పెద్దవాళ్లను కదిలిస్తే పగటివేషగాళ్ల ముచ్చట్లు బోలెడు చెప్తారు. పొద్దున్నే వాకిట్లో ఓ తహసీల్దార్ ప్రత్యక్షం. చంకలో కాగితాల కట్ట, ముక్కు మీద కళ్లద్దాలు, గొంతులో గద్దింపు. "శిస్తు బాకీ ఎంతుందో ఎరుకేనా?" అని అడిగితే ఇంటాయన గుండె ఓ క్షణం ఆగేది. మర్నాడు అదే మనిషి పోలీసు. ఆ మర్నాడు సగం శివుడు, సగం పార్వతి. ఇక పిట్టలదొర వస్తే చెప్పేదేముంది! ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన చెక్క తుపాకీ... ఊరంతా తన జాగీరే అన్నట్టు కోతలు కోస్తూ నడిచేవాడు.

ఈ కళలో ఒక మంచి పద్ధతి ఉంది. కొన్ని రోజులు వేషాలు కట్టాక, ఆఖరి రోజు దళమంతా మామూలు బట్టల్లో ఇంటింటికీ వస్తుంది. "మొన్న వచ్చిన తహసీల్దార్ నేనే అయ్యా, మాది ఫలానా ఊరు" అని చెప్పుకొని గింజలో, పైసలో తీసుకొని వెళ్తుంది. అంటే నమ్మించిన మనిషే వచ్చి అసలు సంగతి విప్పి చెప్తాడు. ఎవరు, ఏ ఊరు, ఏ వేషం, అన్నీ తేటతెల్లం.

మన ఫోన్‌లో మాత్రం ఆ ఆఖరి రోజు రాదు. వేషం ఒక్కటే వస్తుంది. దాన్ని కట్టింది ఎవరో, ఎక్కడో, ఎప్పుడో చెప్పే ముక్క దారిలోనే రాలిపోతుంది. సెలబ్రిటీల డూపులు, పోలికల ఫొటోలు వైరల్ అయిన ప్రతిసారీ జరిగేది ఇదే.

ఒక్క మాటలో ఉంది తేడా

జాతరల్లో, గణేశ్ మండపాల దగ్గర, పెళ్లి బరాత్‌ల్లో ఆర్కెస్ట్రా వాళ్ల ఫ్లెక్సీలు చూసే ఉంటారు. హీరో పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని ముందు కాస్త చిన్నగా ‘జూనియర్’ అని ఉంటుంది. జూనియర్ చిరంజీవి, జూనియర్ బాలకృష్ణ, జూనియర్ పవన్ కల్యాణ్... స్టేజీ మీదికి వచ్చేది ఆ హీరో కాదని వచ్చినవాళ్లందరికీ తెలుసు. ఆ నడక, ఆ మెడ విరుపు, ఆ స్టెప్పు చూసి ఈల వేస్తారు. ఇందులో మోసం లేదు. ‘జూనియర్’ అన్న ఆ ఒక్క మాటే అక్కడ క్యాప్షన్.

ఇప్పుడు అదే స్టేజీని ఎవరో ఫోన్‌లో తీశారనుకోండి. ఫ్లెక్సీ పై భాగం ఫ్రేమ్‌లో పడలేదు. లేదా ఎవరో కావాలనే కత్తిరించారు. పదిహేను సెకన్ల వీడియో మాత్రం మిగిలింది. కింద ఎవరో "మా ఊరి జాతరకి అన్న సర్‌ప్రైజ్ ఎంట్రీ" అని రాశారు. కళాకారుడు మారలేదు, వేషం మారలేదు, ఫొటోలో ఒక్క చుక్క కూడా దిద్దలేదు. అయినా నిన్నటిదాకా వినోదం అయినది ఇవాళ అబద్ధం అయింది.

ఇందుకే "ఫొటో ఎడిట్ చేసిందా, ఒరిజినలా?" అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఫొటో నూటికి నూరుపాళ్లు ఒరిజినల్ కావచ్చు, అందులోని మనిషి మాత్రం వేరే కావచ్చు.

మరి మన కన్ను ఎందుకు అంత తేలిగ్గా పడిపోతుంది? డూపులు ఎలా తయారవుతారో చూస్తే అర్థమవుతుంది. వాళ్లు ముఖం మార్చుకోరు, మార్చుకోలేరు కూడా. మార్చుకోగలిగినవే మార్చుకుంటారు. జుట్టు దువ్వే తీరు, గడ్డం ఎంత పొడుగు, కళ్లద్దాల ఫ్రేమ్, కండువా రంగు, నిలబడే పద్ధతి. మనం సెలబ్రిటీని గుర్తుపట్టేది కూడా చాలావరకు వీటితోనే. మనకు తెలిసింది పోస్టర్ మీది బొమ్మ. ఇంట్లో అన్ననో, చెల్లెనో చూసినట్టు ఆ మనిషిని వెనక నుంచి, పక్క నుంచి, నిద్ర ముఖంతో ఏనాడూ చూడలేదు. కాబట్టి గడ్డం, అద్దాలు, కండువా కలిస్తే చాలు, మిగతా ముఖాన్ని మన బుర్రే నింపేస్తుంది. పైగా ఫోన్ వీడియో మసకగా ఉంటే ఆ నింపడం ఇంకా సులువు.

లక్షలో ఒకరు అంటే ఎంతమంది?

"అచ్చం ఆయనలాగే ఉన్నాడు, ఇలాంటి పోలిక లక్షలో ఒకరికి ఉంటుందేమో" అంటాం. సరే, మాట వరసకు ఆ లెక్కే పట్టుకుందాం. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో సుమారు మూడున్నర కోట్ల మంది ఉన్నారు. లక్షలో ఒకరు అంటే ఈ ఒక్క రాష్ట్రంలోనే 350 మంది. దేశం మొత్తం తీసుకుంటే వేలల్లో తేలతారు. వాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు, వయసు కలవనివాళ్లు పోగా మిగిలినా వందల మందే. అసలు మనిషి మాత్రం ఒక్కరే.

ఇంకో సంగతి. ఆ వందల మందీ రోజూ బస్టాండ్లలో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, చాయ్ హోటళ్లలో తిరిగేవాళ్లే. అసలు సెలబ్రిటీ అక్కడ ఒంటరిగా కనిపించే అవకాశం చాలా తక్కువ. కాబట్టి దేవరకొండ బస్టాండ్‌లో బ్యాగు తగిలించుకొని నిలబడ్డ మనిషి ఫలానా హీరోలా ఉంటే, ఆయన హీరో కావడం కన్నా హీరోలా ఉండే వందల మందిలో ఒకరు కావడానికే ఎక్కువ అవకాశం. పోలిక ఎంత బాగా కుదిరినా ఈ లెక్క తలకిందులు కాదు.

దీనికి తిరుగులేని ఉదాహరణ కేరళలో జరిగింది. 2017 జులైలో కన్నూర్ జిల్లా పయ్యనూర్ రైల్వే స్టేషన్‌లో తీసిన ఒక ఫొటో దేశమంతా తిరిగింది. తెల్ల గడ్డం, కళ్లద్దాలు, వీపున బ్యాగు. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఫోన్ చూసుకుంటున్న పెద్దాయన. చూసినవాళ్లంతా "ఇది ప్రధాని మోదీ కాదూ!" అన్నారు. నిజంగానే అంత పోలిక.

ముఖాన్ని మాత్రమే పట్టుకొని వాదిస్తే ఆ గొడవ ఎప్పటికీ తెగేది కాదు. ఒకరు ముక్కు చూపిస్తారు, ఇంకొకరు చెవి చూపిస్తారు. అసలు తెగింది ఎలాగో చూడండి. ఫొటో ఏ స్టేషన్‌లో తీశారో తెలిసింది. ఆ ఊరి చుట్టుపక్కల వెతికిన విలేకరులకు ఆ మనిషే దొరికాడు. తన పేరు, ఊరు చెప్పి, ఆ ఫొటోలో ఉన్నది తానేనని ఆయనే మీడియాతో చెప్పారు. అంతే, ముఖం గురించి వాదించాల్సిన పని లేకుండా పోయింది. ఆ పోలిక పుణ్యాన తర్వాత నోట్ల రద్దు మీద తీసిన ఓ కన్నడ సినిమాలో మోదీ పాత్ర కూడా ఆయనకు దక్కింది.

గమనించండి, ఇక్కడ పనికొచ్చినవి మూడే. చోటు, పేరు, తనే అని ఒప్పుకున్న మనిషి. ముఖం ఒక ప్రశ్న మాత్రమే వేసింది. జవాబు బయటి నుంచి వచ్చింది.

"ఆయన అయ్యుండడు" అనడం కూడా తప్పే

ఇప్పుడు దీన్ని తిరగేసి చూద్దాం. పోలికను నమ్మకూడదు అని నేర్చుకున్నవాళ్లు ఒక్కోసారి రెండో గోతిలో పడతారు. అసలు మనిషి కనిపించినా "డూపేలే" అని కొట్టిపడేస్తారు.

కిన్నెర మొగిలయ్య గుర్తున్నారుగా? దర్శనం మొగిలయ్య, పాత మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఊరాయన. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే కళాకారుడు. 2021లో ‘భీమ్లా నాయక్’ పాటతో ఆ గొంతు ప్రతి ఫోన్‌లో మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. మన కళ్లలో నిలిచిపోయిన బొమ్మ ఏంటి? తలపాగా, చేతిలో కిన్నెర, స్టేజీ మీద లైట్లు.

2024 మే నెలలో హైదరాబాద్ శివారు తుర్కయంజాల్ దగ్గర ఇల్లు కట్టే చోట ఆయన కూలి పని చేస్తున్న దృశ్యాలు బయటికొచ్చాయి. పోలికతో మాత్రమే ఆలోచించేవాళ్లకు ఇక్కడ చిక్కొస్తుంది. కిన్నెర లేదు, స్టేజీ లేదు. పద్మశ్రీ వచ్చిన మనిషి కూలి పనికి వెళ్తాడా, ఎవరో ఆయనలా ఉన్నవాళ్లయి ఉంటారులే అనుకోవడం ఎంత తేలికో!

కానీ అది ఆయనే. అదెలా తెలిసింది? మళ్లీ ముఖం కొలిచి కాదు. విలేకరులు ఆయనతోనే మాట్లాడారు. ఎక్కడ పని చేస్తున్నారో, ఎందుకు చేయాల్సి వచ్చిందో, ఇంటి ఖర్చులేంటో, నెలనెలా వచ్చే పది వేల రూపాయల గౌరవ వేతనం సంగతేంటో ఆయన నోటితోనే చెప్పారు. చోటు, తేదీ, పేరు, సొంత మాట అన్నీ ఉన్నాయి. పయ్యనూర్‌లో "ఆయన కాదు" అని తేల్చిన కొలమానమే ఇక్కడ "ఆయనే" అని తేల్చింది. ఈ రెండో తీర్పు చిన్న విషయం కాదు. డూపేలే అని తోసేసి ఉంటే, ఓ కళాకారుడి కష్టం కూడా ఫేక్ న్యూస్ ఖాతాలో పడిపోయేది.

పేర్లూ పోలుతాయి

"సరే, కింద పేరు రాసి ఉంటే చాలుగా?" అంటారా? ఆగండి. పోలిక ముఖాలకే కాదు, పేర్లకూ ఉంటుంది.

అదే మొగిలయ్య పేరు తీసుకోండి. 2023లో వచ్చిన ‘బలగం’ సినిమా చివర్లో మనందరినీ ఏడిపించిన పాట పాడినాయన పేరు కూడా మొగిలయ్యే. పస్తం మొగిలయ్య, వరంగల్ జిల్లా దుగ్గొండి వైపు మనిషి, భార్య కొమురమ్మతో కలిసి పాడేవారు. 2024 డిసెంబర్ 19న కన్నుమూశారు. ఇద్దరూ జానపద కళాకారులు, ఇద్దరికీ సినిమా పాటతోనే పేరు. "పాట పాడిన మొగిలయ్య ఇక లేరు" అని ఒక్క లైన్ రాసి, గూగుల్‌లో దొరికిన మొదటి ఫొటో పెట్టేస్తే ఏమవుతుందో మీరే ఊహించండి. బతికున్న మనిషికి నివాళి అర్పించినట్టు అవుతుంది.

మిమిక్రీ రంగంలోనూ అంతే. మిమిక్రీ వేణుమాధవ్ అనగానే ఒక తరానికి వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్ గుర్తొస్తారు. ఎందరో ప్రముఖుల గొంతులను తన గొంతులో పలికించిన పద్మశ్రీ కళాకారుడు, 2018 జూన్ 19న పోయారు. ఇంకో తరానికి గుర్తొచ్చేది కమెడియన్ వేణుమాధవ్. పాత నల్లగొండ జిల్లా కోదాడ ఆయనది. ఆయన కూడా మిమిక్రీతోనే మొదలుపెట్టి సినిమాల్లోకి వచ్చారు, 2019 సెప్టెంబర్ 25న పోయారు. ఒకే పేరు, ఒకే కళ, ఏడాది పైచిలుకు తేడాతో రెండు మరణవార్తలు. "మిమిక్రీ ఆర్టిస్ట్ వేణుమాధవ్" అన్న మూడు మాటలతో ఎవరి గురించి చెప్తున్నారో తేలదు.

అందుకే పనికొచ్చే క్యాప్షన్‌లో ఒట్టి పేరు కాకుండా, ఆ పేరున్న ఇంకో మనిషి నుంచి విడదీసే ముక్క ఉండాలి. ఇంటిపేరు, ఊరు, ఏ కార్యక్రమం, ఏ తేదీ, ఫొటో ఎవరు తీశారు. ఈ ముక్కల్లో ఒక్కోటీ విడిగా సరిచూసుకోవచ్చు. ‘అవుసలికుంట’ అని ఉంటే ఆ ఊరివాళ్లను అడగొచ్చు. తేదీ ఉంటే ఆ రోజు ఆ కార్యక్రమం జరిగిందో లేదో చూడొచ్చు. ఫొటోగ్రాఫర్ పేరు ఉంటే ఫోన్ చేయొచ్చు. ‘మన హీరో’, ‘మన అన్న’ అని మాత్రమే ఉంటే సరిచూడటానికి పట్టు దొరకదు. పట్టు దొరకని క్యాప్షన్‌తో ఏదీ రుజువు కాదు.

క్యాప్షన్ రాసింది ఎవరు?

క్యాప్షన్ ఉంది, వివరాలూ ఉన్నాయి. అయినా అబద్ధం కావచ్చు. ఎందుకంటే మీ గ్రూప్‌లో ఫొటో కింద ఉన్న వాక్యం ఫొటో తీసిన మనిషి రాసింది కాకపోవచ్చు. ఐదో చేతిలోనో, పదో చేతిలోనో అంటుకొని ఉండొచ్చు. కాబట్టి చేయాల్సిన పని వెనక్కి నడవడం. మొదటి చేయి దాకా వెళ్లాలి.

ఫోన్‌లో ఇది ఐదు నిమిషాల పని. వీడియో అయితే ముఖం, వెనకున్న బోర్డులు బాగా కనిపించే చోట ఆపి స్క్రీన్‌షాట్ తీయండి. గూగుల్ లెన్స్‌లో ఆ ఫొటో పెట్టి వెతకండి. ముందు మొత్తం ఫొటోతో, తర్వాత ముఖాన్ని వదిలేసి వెనకున్న గోడ, బోర్డు, స్టేజీ మాత్రమే కత్తిరించి వెతకండి. ముఖంతో వెతికితే లెన్స్ కూడా మీలాగే పోలికకు పడిపోయి అసలు సెలబ్రిటీ ఫొటోలే చూపించొచ్చు. బ్యాక్‌గ్రౌండ్‌తో వెతికితే ఆ చోటు దొరికే అవకాశం ఉంటుంది. వచ్చిన ఫలితాల్లో అన్నిటికన్నా పాత పోస్టు ఏదో చూడండి. దాని కింద ఏం రాశారో చదవండి. చాలాసార్లు అక్కడే ఆ డూప్ కళాకారుడి సొంత అకౌంట్ దొరుకుతుంది. ఆయన దాచుకోడు, ‘జూనియర్ ఫలానా’ అని గర్వంగా రాసుకునే ఉంటాడు.

వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటోలో, అది ఎప్పుడు, ఏ ఫోన్‌తో తీశారన్న లోపలి వివరాలు మిగలవు. పంపేటప్పుడే అవి తొలగిపోతాయి. కాబట్టి ఫొటో డీటెయిల్స్‌లో కనిపించే తేదీ మీకు చేరిన తేదీయే కావచ్చు. తీసిన తేదీ తెలియాలంటే ఫొటోలోనే ఆనవాళ్లు వెతకాలి.

మన జిల్లాల్లో అందుకు మంచి ఆనవాలు బండ్ల నంబర్ ప్లేట్లు. మహబూబ్‌నగర్‌కు ఏపీ 22, నల్లగొండకు ఏపీ 24 ఉండేవి. 2014లో రాష్ట్రం వచ్చాక నల్లగొండ టీఎస్ 05, మహబూబ్‌నగర్ టీఎస్ 06 అయ్యాయి. 2024 మార్చి 15 నుంచి కొత్త బండ్లకు టీఎస్ పోయి టీజీ వచ్చింది. ఇప్పుడు "2022 ఎలక్షన్లప్పుడు మునుగోడులో సెలబ్రిటీ" అని ఓ ఫొటో వచ్చి, వెనక బండికి టీజీ నంబర్ కనిపిస్తే క్యాప్షన్ అబద్ధమని తేలిపోయినట్టే. అప్పటికి టీజీ పుట్టనే లేదు.

జిల్లా బోర్డులూ అంతే. సూర్యాపేట, యాదాద్రి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాలు 2016 అక్టోబర్ 11న ఏర్పడ్డాయి. నారాయణపేట జిల్లా 2019 ఫిబ్రవరిలో వచ్చింది. షాపు బోర్డు మీద ‘నారాయణపేట జిల్లా’ అని ఉంటే ఆ ఫొటో అంతకు ముందుది కాదు.

అయితే ఈ ఆనవాళ్లు ఒకవైపే పని చేస్తాయి, ఇక్కడ జాగ్రత్త. టీజీ ప్లేట్ ఉంటే 2024 మార్చి తర్వాతదని చెప్పగలం. టీఎస్ ప్లేట్ ఉంటే అంతకు ముందుదని చెప్పలేం, ఎందుకంటే పాత నంబర్ల బండ్లు ఇవాళ్టికీ రోడ్ల మీదే ఉన్నాయి. పాత బోర్డూ అంతే. షాపాయన మార్చకపోవచ్చు. ఇంకోటి, చోటు, తేదీ తేలినంత మాత్రాన మనిషి ఎవరో తేలినట్టు కాదు. తప్పుడు క్యాప్షన్ కూలిపోతుంది, అంతే. సరైన పేరు కోసం మళ్లీ ఆ మనిషినో, ఆ కార్యక్రమం పెట్టినవాళ్లనో పట్టుకోవాలి.

పది సైట్లలో ఉంది కదా?

"పది సైట్లలో వచ్చింది, అబద్ధం ఎలా అవుతుంది?" అనేవాళ్లు ఉంటారు. పది సైట్లూ ఒకే పోస్టును చూసి రాస్తే అది పది సాక్ష్యాలు కాదు, ఒకే సాక్ష్యం పది సార్లు అచ్చయింది, అంతే. లెక్కపెట్టాల్సింది సొంతంగా చూసినవాళ్లు, సొంతంగా మాట్లాడినవాళ్లు ఎంతమంది అని.

డూపుల గురించే ఉన్న ఓ ఫేమస్ కథ దీనికి సరిగ్గా సరిపోతుంది. చార్లీ చాప్లిన్ మారువేషంలో "చాప్లిన్‌లా నటించండి" అనే పోటీకి వెళ్లి ఓడిపోయాడట! ఎన్ని రీల్స్‌లో చూసుంటారో! ఒక్కోచోట ఒక్కో ర్యాంకు. మూడో స్థానం అంటారు, ఇరవయ్యో స్థానం అంటారు. వెనక్కి నడుచుకుంటూ వెళ్తే 1920లో సింగపూర్ పత్రిక స్ట్రెయిట్స్ టైమ్స్‌లో ఈ కథ కనిపిస్తుంది. అక్కడ కూడా పత్రిక సొంతంగా చూసి రాయలేదు. ఓ విందులో లార్డ్ డెస్‌బరో అనే పెద్దమనిషి చెప్పాడని రాసింది. ఆయన భార్యకు నటి మేరీ పిక్‌ఫోర్డ్ చెప్పిందట. అంటే చూసినవాళ్ల మాట కాదు, విన్నవాళ్లు చెప్పగా విన్న మాట. ఎప్పుడు, ఏ ఊళ్లో పోటీ జరిగిందో అందులో పట్టు లేదు. కథ బాగుంది, అబద్ధమని కూడా మనం తేల్చలేం. కానీ వందేళ్లుగా ఎన్ని వేల సార్లు అచ్చయినా, దాని బలం ఆ విందులో చెప్పిన మాటంతే.

వేషం డీపీలోకి వచ్చింది

ఇదంతా సినిమా హీరోల సరదా కబుర్లే అయితే ఇంత చెప్పుకోవాల్సిన పని లేదు. కానీ పగటివేషం తహసీల్దార్ ఇప్పుడు వాట్సాప్‌లో దిగాడు. తెలంగాణలో పలు జిల్లాల కలెక్టర్ల ఫొటోలు డీపీగా పెట్టుకొని, కింది ఉద్యోగులకు మెసేజ్‌లు పంపి డబ్బులు, గిఫ్ట్ కార్డులు అడిగిన నకిలీ ఖాతాలు ఎన్నో బయటపడ్డాయి. ఆ ఫొటో కలెక్టర్‌దే, పేరూ కలెక్టర్‌దే. పోలిక కాదు, అచ్చంగా ఆ ముఖమే. తేడా ఉన్నది నంబర్‌లో. డీపీ ఎవరైనా పెట్టుకోవచ్చు, దాన్ని ముఖంగానే చూడాలి. నంబర్ ఎవరిది అన్నది మూలం.

పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసి "మీరు డిజిటల్ అరెస్ట్ అయ్యారు" అని బెదిరించేవాళ్లదీ ఇదే విద్య. ఖాకీ చొక్కా, వెనక స్టేషన్ లాంటి గోడ, గొంతులో గద్దింపు. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో లేనే లేదు. ఇంట్లో అమ్మానాన్నలకు ఇలాంటి కాల్ వస్తే డ్రెస్ అసలుదా, నకిలీదా అని చూస్తూ కూర్చోవద్దు. కాల్ కట్ చేసి, ఏ స్టేషన్ పేరు చెప్పారో ఆ స్టేషన్ నంబర్ మీరే వెతికి ఫోన్ చేయండి. డబ్బు అప్పటికే పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యం చేసేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ఇక మన వంతు పని ఒకటుంది, ఈసారి జాతరకు వెళ్లినప్పుడే మొదలుపెట్టొచ్చు. స్టేజీ మీద డూప్ కళాకారుడు అదరగొట్టాడా? వీడియో తీయండి, పోస్ట్ చేయండి. ఫ్లెక్సీ మీద ‘జూనియర్’ అన్న మాట ఫ్రేమ్‌లో పడేలా చూడండి. కింద నాలుగు ముక్కలు రాయండి. కళాకారుడి పేరు, ఊరు, ఏ జాతర, ఏ తేదీ. ఆ వీడియో రేపు ఎన్ని చేతులు మారినా, అనుమానం వచ్చి వెనక్కి నడిచినవాళ్లకు మీ పోస్ట్ దగ్గర జవాబు దొరుకుతుంది. పైగా స్టేజీ మీద చెమటోడ్చిన ఆ మనిషి పేరు ఇంకొకరి పేరు కింద మాయమైపోదు.